వాటాధనం బకాయి, ఓటు హక్కు: నోటీసు ఇలా రాస్తే బాగుంటుంది

మీరు ఏదైనా సహకార సంఘంలో సభ్యురాలా? పొదుపు సంఘం కావచ్చు, పాల సంఘం కావచ్చు, ఇళ్ల సంఘం కావచ్చు. అయితే మీ పాస్‌బుక్కులో మడిచి పెట్టిన పాత నోటీసు ఏదైనా ఉందేమో ఒకసారి తీసి చూడండి. అది చదివాక మీరు ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో, కట్టకపోతే ఏమవుతుందో మీకు తెలిసిందా? తెలియలేదంటే తప్పు మీ చదువుది కాదు, ఆ నోటీసుది.

మా ఊళ్లో మా ఆడవాళ్ల పొదుపు, పరపతి సంఘం బోర్డుమీద 2025 జూలైలో అంటించిన కాగితం ఇలా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

“ఇందుమూలముగా సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా, నెలవారీ వాటాధనం బకాయిపడిన సభ్యులు తమ బకాయిలను వెంటనే చెల్లించవలెను. లేనియెడల ఓటు హక్కు కోల్పోదురు. ఇట్లు, కార్యదర్శి.”

చూడటానికి ఎంత హుందాగా ఉందో కదూ! సంతకమూ ముద్రా కూడా ఉన్నాయి. కానీ అది చదివిన నలుగురు నాలుగు రకాలుగా అర్థం చేసుకున్నారు.

పూలు కట్టే పిన్నికి ఒక్క నెల బాకీ ఉంది. “నా ఓటు పోయిందట, ఇంక మీటింగుకి రావడం ఎందుకు?” అని కూర్చుంది. కుట్టుమిషను అక్కకి అయిదు నెలల బాకీ ఉంది. “మీటింగు రోజు పొద్దున్నే వంద రూపాయలు కట్టేస్తే సరి” అనుకుంది. ఎదురింటి అత్తయ్యగారికి అసలు బాకీయే లేదు. కాగితంలో “సభ్యులందరికీ” అని చూసి, తనూ ఏదో కట్టాలేమోనని మనవణ్ణి ఆఫీసుకి పంపించారు. ఇక మెస్సు నడిపే వదిన అయితే నెలనెలా కడుతూనే ఉంది. బోర్డు పక్కన అంటించిన జాబితాలో మాత్రం ఆమె పేరు బాకీదారుల్లో ఉంది!

మా అధ్యక్షురాలు అక్కయ్య ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. “ఉత్తరాలు బాగా రాస్తావుగా, దీన్ని కాస్త అందరికీ అర్థమయ్యేట్టు సరిచేసి పెట్టు” అంది. సరేనన్నాను. కూర్చుని చూస్తే, మాటలు మార్చితే సరిపోయే పని కాదని తెలిసింది. ఆ పని ఎలా చేశామో మీకు చెబుతాను. రేపు మీ సంఘంలోనూ అక్కరకు రావచ్చు.

ఓటు గొడవ ఎందుకంత ముఖ్యమైందంటే

ముందు ఒక మాట. వాటాధనమూ, పొదుపూ ఒకటి కావు. చాలామంది రెండింటినీ కలిపి “సంఘం డబ్బు” అనేస్తారు. పొదుపు అంటే మనం సంఘం దగ్గర దాచుకున్న సొమ్ము, బియ్యం డబ్బాలో దాచుకున్నట్టు. నిబంధన ప్రకారం వెనక్కి తీసుకోవచ్చు. వాటాధనం అంటే సంఘం అనే ఇంటికి మనం పెట్టిన ఇటుక. ఆ ఇటుక వల్లే మనం ఆ ఇంటికి యజమానులం. మామూలుగా సభ్యత్వం వదులుకున్నప్పుడే అది తిరిగి చేతికొస్తుంది. మా సంఘంలో 186 మంది ఉన్నాం. ఒక్కొక్కరూ నెలకు 100 రూపాయలు వాటాధనం, 200 రూపాయలు పొదుపు కట్టాలి.

ఇటుకలు ఎన్ని పెట్టినా ఓటు మాత్రం ఒక్కటే, అదీ సహకార సంఘం గొప్ప. కంపెనీల్లో అయితే ఎక్కువ వాటాలున్నవారికి ఎక్కువ ఓట్లు. సహకార సంఘంలో పదివేలు పెట్టినామెకూ ఒకటే ఓటు, వెయ్యి పెట్టినామెకూ ఒకటే ఓటు. 1964 నాటి సహకార సంఘాల చట్టంలోనూ, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంలోనూ అదే పద్ధతి. మన గ్రామ సమాఖ్యలూ, మండల సమాఖ్యలూ చాలావరకు ఈ రెండో చట్టం కింద రిజిస్టరైనవే. మీ సంఘం ఏ చట్టం కిందిదో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు మీద రాసి ఉంటుంది, చూడండి.

ఆ ఏడు మా సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం ఉంది. నెలవారీ వాటాధనం 100 నుంచి 200 రూపాయలకు పెంచాలా వద్దా అని. ఆలోచించండి. పెంచితే ఎవరికి కష్టం? ఇప్పటికే వంద కట్టలేక వెనకబడినవాళ్లకి. అర్థంకాని నోటీసు చూసి ఇంట్లో కూర్చునేదీ వాళ్లే. అంటే ఆ బరువు మోయాల్సినవాళ్లు లేకుండానే బరువు ఎంతో తేలిపోతుందన్నమాట. నోటీసు సరిగ్గా ఉండాలని నేను పట్టుబట్టింది అందుకే.

మొదటి పని: బైలా పుస్తకం తెరవడం

నోటీసు రాయడానికి కలం పట్టుకునే ముందు బైలాల పుస్తకం తెరవాలి. బైలాలంటే సంఘం తనకు తాను రాసుకున్న నియమాలు. ఓటు ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అన్నది చట్టమూ, ఆ బైలాలూ చెప్పాలి. నోటీసు ఆ మాటను మనకు అందించే పోస్టుమాను లాంటిది. పోస్టుమాను తన సొంత మాటలు ఉత్తరంలో కలపకూడదు కదా!

మా బైలా 17లో ఉన్నది ఇది: ప్రతి ఏడూ మార్చి 31 నాటికి మూడు నెలలకు మించి వాటాధనం బకాయి ఉన్న సభ్యురాలికి ఆ ఏటి సర్వసభ్య సమావేశంలో ఓటు ఉండదు. సమావేశానికి 15 రోజుల ముందులోగా ఆ బకాయి మొత్తం చెల్లిస్తే ఓటు ఉంటుంది.

ఇప్పుడు పాత నోటీసుతో పోల్చి చూడండి. బైలాలో “మూడు నెలలకు మించి” అని ఉంది. నోటీసులో ఆ మాటే లేదు. బైలాలో “మార్చి 31 నాటికి” అని ఉంది. నోటీసులో “వెంటనే” అని ఉంది. బైలాలో “ఆ ఏటి సమావేశంలో” అని ఉంది. నోటీసు చూస్తే ఓటు శాశ్వతంగా పోయినట్టుంది. ఇన్ని మాటలు రాలిపోతే పిన్ని భయపడక ఏం చేస్తుంది?

లెక్కల పుస్తకం ముందేసుకుని లెక్కపెట్టాం. మార్చి 31 నాటికి ఏదో ఒక బాకీ ఉన్నవాళ్లు 61 మంది తేలారు. అందులో వాటాధనం మూడు నెలలు దాటినవాళ్లు ఎంతమందనుకున్నారు? 23 మందే! మిగతా 38 మందికి నిక్షేపంలా ఓటుంది. నోటీసు మాత్రం 61 మందినీ ఒకే గాటన కట్టేసింది.

అదే పుస్తకంలో మీరు చూడవలసింది ఇంకొకటుంది. బకాయి ఉంటే ఓటు ఉండదన్న మాట మీ బైలాల్లో గానీ, మీ చట్టంలో గానీ అసలు ఉందా? లేకపోతే నోటీసులో ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఓటు పోదు. బకాయి వసూలుకు సంఘానికి వేరే దారులు ఉంటాయి, అది వేరే సంగతి. అలాంటి నియమం కావాలనుకుంటే ముందు సర్వసభ్య సమావేశంలో పెట్టి బైలా సవరించుకోవాలి, సవరణ రిజిస్టరు కావాలి. పాలకవర్గం నలుగురూ కూర్చుని కాగితం మీద రాసేస్తే చెల్లదు.

ఏ బాకీ దేనికి?

ఇప్పుడు కుట్టుమిషను అక్క సంగతి చూద్దాం. గుమాస్తా ఆమెకు 2,750 రూపాయలు బాకీ అని చెప్పాడు. ఆ అంకె వినేసరికి ఆమెకు ఓటు మీద ఆశ పోయింది. పెళ్లిళ్ల రోజుల్లో తప్ప అంత డబ్బు ఒక్కసారి చేతిలో ఉండదు మరి.

ఆ అంకెను విడదీసి చూశాం, పప్పులో రాళ్లు ఏరినట్టు. 2024 నవంబరు నుంచి 2025 మార్చి దాకా అయిదు నెలల వాటాధనం 500. అవే అయిదు నెలల పొదుపు 1,000. అప్పు వాయిదా ఒకటి 1,200. ఆలస్య రుసుము 50. అన్నీ కలిపితే 2,750. మరి మా బైలా ఓటుకు ముడిపెట్టింది దేన్ని? వాటాధనాన్ని ఒక్కదాన్నే. అంటే అక్క ఓటు నిలబడటానికి కావలసింది 500 రూపాయలు! మిగతావి కట్టనక్కర్లేదని కాదు. కట్టాల్సిందే, కానీ వాటికీ ఓటుకూ సంబంధం లేదు. కొన్ని సంఘాల బైలాల్లో అప్పు వాయిదా మీరితే కూడా ఓటు ఉండదని రాసి ఉండొచ్చు. అందుకే ఎవరి పుస్తకం వాళ్లే చూసుకోవాలి.

అక్క తెలివైంది. వెంటనే ఒక ప్రశ్న వేసింది. “మూడు నెలలు దాటితేనే కదా ఓటు లేనిది? నాకు అయిదున్నాయి. రెండు నెలలది రెండొందలు కడితే మూడుకు వస్తాను కదా?” నిజమే, వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మా బైలాలో “ఆ బకాయి మొత్తం” అని ఉంది. కాబట్టి 200 చాలదు, 500 కట్టాలి. నోటీసులో ఈ ఒక్క ముక్క లేకపోతే ఎంతోమంది సగం కట్టి, ఓటు వచ్చేసిందనుకుని, సమావేశం రోజు గుమ్మం దగ్గర ఆగిపోతారు. అప్పుడు కలిగే అవమానం అంతా ఇంతా కాదు.

మరి ఏప్రిల్ నుంచి జూలై దాకా అయిన నాలుగు నెలలు? అవీ అక్కకి బాకీయే, 400 రూపాయలు. కానీ బైలా కొలత మార్చి 31. ఆ తరువాతి నెలల బాకీని ఓటు లెక్కలోకి తేకూడదు. మా పాలకవర్గంలో ఒకావిడ “అన్నీ కట్టాలందాం, వసూలవుతుంది” అంది. అధ్యక్షురాలు ఒప్పుకోలేదు. ఒకరి విషయంలో మార్చి లెక్కా, ఇంకొకరి విషయంలో జూలై లెక్కా చూస్తే ఎన్నిక మీదే తగాదా వస్తుంది. అందరికీ మార్చి 31 లెక్కే అని తీర్మానం రాసి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టించాకే నోటీసు రాశాం. మీ బైలా మాట ఎక్కడైనా రెండర్థాలు ఇస్తుంటే మీరూ అలాగే చేయండి. ముందు తీర్మానం, తరువాత నోటీసు.

డబ్బు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకే చోట మనకు రెండు మూడు బాకీలు ఉన్నప్పుడు, ఇది ఫలానా బాకీకి అని చెప్పి కట్టాలి. అలా చెప్పి కడితే, పుచ్చుకున్నవారు దానికే జమ వేయాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోనే, 59వ సెక్షనులో ఉంది. నోరు మూసుకుని ఇచ్చేస్తే, ఏ బాకీకి వేసుకోవాలన్నది పుచ్చుకున్నవారి ఇష్టం. అక్క 500 ఇచ్చి ఊరుకుని ఉంటే గుమాస్తా అప్పు వాయిదాలో వేసేసుకుని ఉండేవాడేమో. అప్పుడు డబ్బూ పోయేది, ఓటూ పోయేది. అందుకే రసీదు మీద “2024 నవంబరు నుంచి 2025 మార్చి వరకు వాటాధనం” అని రాయించుకుంది.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టాలి

పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక పనులన్నీ వెనక్కి లెక్కపెట్టుకుంటాం కదా, ఇదీ అంతే. మా సమావేశం సెప్టెంబరు 14, ఆదివారం. అక్కణ్ణుంచి 15 రోజులు వెనక్కి వస్తే ఆగస్టు 30, శనివారం. అదే కట్టడానికి ఆఖరి రోజు. “వెంటనే” అన్న మాట తీసేసి ఆ తేదీ వేశాం. సాయంత్రం 5 గంటల దాకా అని కూడా రాశాం. లేకపోతే ఆ రాత్రి ఫోనులో పంపినవాళ్ల సంగతి ఏమిటని ఒక చర్చ మొదలవుతుంది.

జనం చేతికి డబ్బు రావాలి కాబట్టి ఒక జీతాల తేదీ అయినా మధ్యలో పడాలి. అందుకని కొత్త నోటీసు ఆగస్టు 1నే బయటపెట్టాం. లెక్కలో తప్పులుంటే చెప్పుకోవడానికి ఆగస్టు 20 దాకా గడువిచ్చాం. ఈ తేదీ కట్టే గడువు కంటే ముందుండాలి, అది మరిచిపోకండి. తప్పు తేలకుండానే కట్టే గడువు అయిపోతే, పాపం ఆ సభ్యురాలు ఎటూ కాకుండా పోతుంది. తుది ఓటర్ల జాబితా సెప్టెంబరు 1న అంటిస్తామని రాశాం.

మెస్సు వదిన సంగతి చెప్పాలి కదూ. ఆమె నెలనెలా కొడుకు ఫోను నుంచి డబ్బు పంపిస్తుంది. సంఘం ఖాతాలో కొడుకు పేరే కనబడుతుంది. కొడుకు సభ్యుడు కాదు. ఆ డబ్బు ఎవరిదో తెలియక గుమాస్తా దాన్ని “వివరం తెలియని జమలు” అన్న పద్దులో వేసి పెట్టాడు. వదిన ఫోనులో పంపిన తేదీలు, బ్యాంకు కాగితంలో తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోయింది. ఆమె బాకీ సున్నా. ఆ తరువాత ఆ పద్దంతా తిరగేస్తే ఇంకో ఇద్దరి డబ్బు కూడా అందులోనే దొరికింది. దాంతో 23 మంది కాస్తా 20 మంది అయ్యారు. బకాయి జాబితా తయారు చేసే ముందు ఆ పద్దు ఖాళీ చేయాలని అప్పుడే నియమం పెట్టుకున్నాం. మీరు కూడా ఫోనులో కట్టేటప్పుడు మీ పేరు, సభ్యత్వం నంబరు, ఏ నెల వాటాధనమో రాసి పంపండి.

పేర్లు గోడకెక్కించొద్దు

పాత పద్ధతిలో బాకీదారుల పేర్లూ, అంకెలూ బోర్డు మీద అంటించేవారు. దాన్ని ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఇంటి మగవాళ్లూ చుట్టాలూ అందరూ చూశారు. భర్తకు తెలియకుండా నాలుగు రాళ్లు దాచుకునే ఇల్లాలికి అది ఎంత ఇబ్బంది!

ఓటుకు అవసరమైంది ఓటున్నవారి జాబితా. దాన్ని బోర్డు మీద పెట్టండి, తన పేరు లేనామె వచ్చి అడుగుతుంది. ఎవరి బాకీ ఎంతన్నది మడిచిన చీటీలో ఎవరిది వారికి అందించండి. అందినట్టు పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకోండి. చదువు రాని సభ్యురాలికి చీటీ ఇచ్చే ఆమే చదివి వినిపించాలి. మేము వీధికొకరం చొప్పున పంచుకున్నాం.

కొత్త నోటీసు

అన్నీ తేల్చుకున్నాక రాసిన నోటీసు ఇది. దీన్ని ముందు పూలు కట్టే పిన్నికి చదివి వినిపించి, “నీకేం అర్థమైందో చెప్పు” అని అడిగాం. ఆమె సరిగ్గా చెప్పాకే అచ్చు వేయించాం.

“సభ్యులకు నమస్కారం. మన సర్వసభ్య సమావేశం 2025 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం 10 గంటలకు సంఘం ఆఫీసులో జరుగుతుంది. నెలవారీ వాటాధనం 100 నుంచి 200 రూపాయలకు పెంచాలా వద్దా అన్న తీర్మానంపై ఓటింగు ఉంటుంది.

మన బైలా 17 ప్రకారం, 2025 మార్చి 31 నాటికి మూడు నెలలకు మించి వాటాధనం బాకీ ఉన్నవారికి మాత్రమే ఈ సమావేశంలో ఓటు ఉండదు. మూడు నెలలు, అంతకు తక్కువ బాకీ ఉన్నవారికి ఓటు ఉంది. పొదుపు, అప్పు వాయిదా, ఆలస్య రుసుము బాకీల వల్ల ఓటు పోదు.

మూడు నెలలు దాటినవారు మార్చి 31 నాటి వాటాధనం బాకీ మొత్తం ఆగస్టు 30, శనివారం సాయంత్రం 5 గంటల లోపల చెల్లిస్తే ఓటు ఉంటుంది. కొంత భాగం కడితే చాలదు. వాటాధనానికే జమ వేయమని చెప్పి, నెలల పేర్లు రాసిన రసీదు తీసుకోండి.

మీ బాకీ ఎంతో మీ చీటీలో ఉంది. లెక్క తప్పనిపిస్తే పాస్‌బుక్కు గానీ, రసీదులు గానీ, ఫోనులో పంపిన వివరం గానీ తీసుకుని ఆగస్టు 20 లోపల ఆఫీసుకు రండి. తుది ఓటర్ల జాబితా సెప్టెంబరు 1న బోర్డు మీద ఉంటుంది.

ఓటు లేకపోయినా మీ సభ్యత్వం, ఇంతవరకు కట్టిన వాటాధనం ఎక్కడికీ పోవు. సమావేశానికి రావచ్చు, మాట్లాడవచ్చు. కార్యదర్శి.”

చీటీ ఇంకా చిన్నది. పేరు, సభ్యత్వం నంబరు, మార్చి 31 నాటికి వాటాధనం బాకీ ఎన్ని నెలలు, ఎంత. దాని కింద ఒకే వాక్యం, “మీకు ఓటు ఉంది” అనో, “ఓటు కోసం ఆగస్టు 30 లోపల ఇంత కట్టాలి” అనో. మిగతా బాకీలు వెనకవైపు విడిగా. కుట్టుమిషను అక్క చీటీ మీద 2,750 అన్న అంకె ఎక్కడా లేదు, ముందువైపు 500 అని ఉంది. ఆమె మరుసటి వారమే కట్టేసింది.

కొత్త నోటీసు పాతదానికంటే ఎన్నో రెట్లు పొడుగు. “ఇంత పొడుగైతే ఎవరు చదువుతారు?” అని కార్యదర్శి అన్నారు. పొట్టిగా రాసిన దానివల్లే ఆఫీసుకు జూలై అంతా జనం వచ్చి అడుగుతూనే ఉన్నారు కదా అన్నాను. ఆగస్టులో లెక్క తప్పన్నవాళ్లు తప్ప, అర్థం కాలేదని వచ్చినవాళ్లు ఇద్దరే.

ఆ 20 మందిలో 14 మంది గడువులోగా కట్టారు. ఆరుగురు కట్టలేకపోయారు. నోటీసు ఎంత బాగా రాసినా లేని డబ్బు పుట్టించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ ఆరుగురిలో నలుగురు సమావేశానికి వచ్చారు. ఇద్దరు లేచి, 200 అయితే తమవల్ల ఎందుకు కాదో చెప్పారు. పనులుండని నెలలు ఎలా గడుస్తాయో వాళ్ల నోటి వెంట విన్నాక హాలు కాసేపు నిశ్శబ్దమైపోయింది. పెంపు తీర్మానం తొమ్మిది ఓట్ల తేడాతో వీగిపోయింది. ఇష్టమైనవాళ్లు అదనంగా వాటాలు కొనుక్కోవచ్చని మాత్రం అనుకున్నారు. బాకీ కట్టి వచ్చిన 14 మంది ఎటు ఓటు వేశారో నాకు తెలియదు, అడగకూడదు కూడా. వాళ్లు లేకుండా ఆ లెక్క తేలి ఉంటే మాత్రం, ఏ వైపు తేలినా అది సంఘం మాట అయ్యేది కాదు.

మీ సంఘం బోర్డు మీద “లేనియెడల ఓటు హక్కు కోల్పోదురు” అన్న కాగితం కనబడితే కంగారు పడకండి. ఏ బైలా ప్రకారం, ఏ తేదీ నాటి బాకీ, ఏ పద్దులో ఎంత, ఎప్పటిలోగా కట్టాలి అని నాలుగు ప్రశ్నలు రాసి కార్యదర్శికి ఇవ్వండి. మీ దగ్గరా ఒక నకలు ఉంచుకోండి. బైలాల పుస్తకం చూపించమని అడగండి, అది సభ్యురాలిగా మీరు అడగాల్సిందే. జవాబు కూడా కాగితం మీదే తీసుకుని, రసీదులతో కలిపి పాస్‌బుక్కు అట్టలో భద్రంగా పెట్టుకోండి.